రెజ్యూమేలో లింకు సరే, అవతలివాళ్లకి అది తెరుచుకుంటుందా?

ప్రశ్న: నేను చదివిన కాలేజీ వాళ్లు ఫైనల్ ఇయర్ పిల్లలతో ఒక గంట మాట్లాడమని పిలిచారు. ఉద్యోగాలకి అప్లై చేసేలోపు ఆన్‌లైన్‌లో తమ ప్రొఫైల్ ఎలా తయారుచేసుకోవాలన్నది అంశం. లింక్డిన్ తెరవండి, మంచి ఫోటో పెట్టండి అంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అది వాళ్లకీ తెలుసు. ఎక్కువమంది కంప్యూటర్ సైన్స్, కొందరు కామర్స్. మిగతా టైమంతా ఏం చెప్పమంటారు? ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు:

పదకొండేళ్లుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నానండి. ముందు నా వైపు నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను, మీ గంట ఎలా వాడుకోవాలో దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

మొన్నటి విడతలో ఒకే కాలేజీ నుంచి నాలుగు రెజ్యూమేలు వచ్చాయి. నాలుగింట్లోనూ ఒకే ప్రాజెక్టు: కెమెరా ముందు నిలబడితే ముఖం గుర్తుపట్టి అటెండెన్స్ వేసే సిస్టమ్. నాలుగింట్లోనూ అదే వాక్యం, అదే 98 శాతం యాక్యురసీ. ఒకే టీమ్ అని అర్థమైంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఎవరు ఏ పని చేశారో ఒక్కదాంట్లోనూ లేదు. పోనీ లింకులు నొక్కి చూద్దామనుకున్నాను. మొదటిది గూగుల్ డ్రైవ్‌ది, "You need access" అంది. రెండోది గిట్‌హబ్‌ది, 404 వచ్చింది. మూడోదాంట్లో గిట్‌హబ్ అన్న మాట నీలం రంగులో ఉంది గానీ నొక్కితే ఏమీ కాలేదు. నాలుగోది తెరుచుకుంది, కోడ్ కూడా ఉంది. తీరా చూస్తే కమిట్లన్నీ, అంటే కోడ్‌లో చేసిన మార్పుల నమోదులన్నీ, రెండో అబ్బాయి పేరు మీద ఉన్నాయి.

నలుగురూ రాత్రింబవళ్లు కష్టపడే ఉండొచ్చు. ఆ కష్టం నా స్క్రీన్ దాకా రాలేదు, అంతే. మీరు మాట్లాడబోయే పిల్లల్లో చాలామంది సమస్య ఇదే. వాళ్లకి అకౌంట్లు లేక కాదు, ఉన్న అకౌంట్లలో వాళ్ల చెయ్యి కనబడక. కాబట్టి పది వెబ్‌సైట్ల పేర్లు చెప్పకండి. ఒక్క ప్రాజెక్టు తీసుకుని, దాన్ని తెలియని మనిషి తెరిచి రెండు నిమిషాల్లో అర్థం చేసుకునేలా ఎలా పెట్టాలో మొదటినుంచి చివరిదాకా చూపించండి.

దానికంటే ముందు ఒక నిజం చెప్పేయండి, లేకపోతే తర్వాత మిమ్మల్నే తిట్టుకుంటారు. పెద్ద కంపెనీలు వందలకొద్దీ ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు మొదటి జల్లెడ మార్కులూ ఆన్‌లైన్ టెస్టే. ఆ దశలో లింకులు ఎవరూ నొక్కరు. కటాఫ్‌కి తగ్గిన మార్కుల్ని గిట్‌హబ్ పైకి లేపదు. లింకులు పనికొచ్చేది మూడు చోట్ల: టెస్ట్ పాసయ్యాక ప్యానెల్ ముందు కూర్చున్నప్పుడు, చిన్న కంపెనీకి నేరుగా అప్లై చేసినప్పుడు, సీనియర్ ఎవరైనా తన కంపెనీలో రిఫర్ చేస్తానన్నప్పుడు. ఈ మూడో సందర్భంలో మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ సీనియర్ తన పేరు పెట్టి పంపిస్తున్నాడు. లింకు తెరుచుకోకపోతే పరువు పోయేది అతనిది.

ఇక మొదటి పావుగంట. హాల్లో అందరినీ వాళ్ల రెజ్యూమే పీడీఎఫ్ పక్కవాళ్లకి పంపమనండి. పక్కవాళ్లు అందులోని లింకులన్నీ నొక్కాలి. మామూలు బ్రౌజర్‌లో కాదు, ఇన్‌కాగ్నిటో విండోలో. ఈ షరతు గట్టిగా పెట్టండి, ఎందుకో చెబుతాను. కాలేజీ ఇచ్చిన గూగుల్ అకౌంట్‌లో పెట్టిన ఫైల్‌ని చాలా చోట్ల ఆ కాలేజీవాళ్లకి మాత్రమే షేర్ చేయగలిగేలా సెట్ చేసి ఉంచుతారు. పక్కన కూర్చున్నవాడు కూడా అదే కాలేజీ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటాడు కాబట్టి అతని ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటుంది. బయటివాడినైన నాకు మాత్రం తలుపు వేసి ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో ఎవరి లాగిన్నూ ఉండదు కాబట్టి అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

తెరుచుకోని లింకులకి కారణాలు నాకు తెలిసి నాలుగైదే. డ్రైవ్ ఫైల్ అయితే షేరింగ్ "Restricted"లో ఉండిపోయి ఉంటుంది, దాన్ని "Anyone with the link"కి మార్చాలి. కాలేజీ అకౌంట్‌లో ఆ ఎంపికే కనిపించకపోతే ఫైల్‌ని సొంత అకౌంట్‌లోకి తెచ్చుకోవాలి. గిట్‌హబ్‌లో 404 వస్తే రిపాజిటరీ, అంటే ఆ ప్రాజెక్టు కోడ్ పెట్టిన చోటు, ప్రైవేట్‌లో ఉన్నట్టు. ఓనర్‌కి మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి వాడికి అనుమానమే రాదు. లేదా యూజర్‌నేమ్‌లో అక్షరం తేడా. యూట్యూబ్ డెమో తెరుచుకోకపోతే అది ప్రైవేట్‌లో ఉంది, అన్‌లిస్టెడ్‌కి మార్చితే సెర్చ్‌లో రాదు గానీ లింకు ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. ఇక నీలం రంగు ఉండీ కదలని లింకు సంగతి: వర్డ్‌లో ప్రింట్ నొక్కి పీడీఎఫ్ ప్రింటర్ ఎంచుకుంటే రంగు మిగులుతుంది, లింకు పోతుంది. సేవ్ యాజ్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఎందుకైనా మంచిది, గిట్‌హబ్ అన్న మాట వెనక లింకు దాచకుండా అడ్రస్ మొత్తం అక్షరాల్లోనే రాయమనండి. మా ప్యానెల్‌లో ఒకాయన ఇప్పటికీ రెజ్యూమేలు ప్రింట్ తీసుకునే వస్తాడు.

ఆన్‌లైన్‌లో నడిచే డెమో గురించి ఒక్క మాట. ఉచిత హోస్టింగ్‌లో పెట్టిన యాప్‌లు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రపోతాయి. రెండర్ అనే హోస్టింగ్ సర్వీసు ఉచిత ప్లాన్‌లో అయితే 15 నిమిషాలు ఎవరూ రాకపోతే ఆగిపోతుంది, మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషం తెల్ల స్క్రీన్ చూస్తూ ఎవరూ కూర్చోరు, యాప్ పనిచేయట్లేదనుకుని ట్యాబ్ మూసేస్తారు. అలాంటిదే హెరోకు అనే సర్వీసు ఉచిత ప్లాన్ 2022 నవంబర్‌లో ఎత్తేసినప్పుడు ఎన్నో రెజ్యూమేల్లోని లింకులు ఒక్కసారిగా చచ్చిపోయాయి, కొన్ని ఇప్పటికీ సీనియర్ల టెంప్లేట్లలో అలాగే కాపీ అవుతూ వస్తున్నాయి. నా సలహా, డెమో లింకు పక్కనే 40 సెకన్ల స్క్రీన్ రికార్డింగ్ కూడా పెట్టమనండి. అది నిద్రపోదు.

ఇప్పుడు అసలు భాగం. నిరుడు నా సహోద్యోగి చెల్లెలు రెజ్యూమే చూడమని వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆమెదీ ముఖం చూసి అటెండెన్స్ వేసే ప్రాజెక్టే. నలుగురి టీమ్. లింక్డిన్‌లో పేరు కింద "యాస్పైరింగ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, క్విక్ లెర్నర్, సీకింగ్ ఆపర్చునిటీస్" అని ఉంది. ప్రాజెక్టు గురించి రాసింది ఒకే వాక్యం, చివర్లో మామూలుగానే 98 శాతం.

"ఇందులో నువ్వేం చేశావమ్మా?" అన్నాను.

"పెద్దగా ఏం లేదండీ. ముఖాలు గుర్తుపట్టే భాగం మా వాడు చేశాడు. నేను డేటాబేస్ చూశాను."

"చూశావంటే?"

కాసేపు నసిగింది. తర్వాత చెప్పింది. మొదట్లో ఒక మనిషి కెమెరా ముందు పది సెకన్లు నిలబడితే అటెండెన్స్ యాభై అరవైసార్లు పడిపోయేదట. కెమెరా సెకనుకి ఎన్నో ఫ్రేములు పంపిస్తుంది, ముఖం దొరికిన ప్రతి ఫ్రేముకీ టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది. టీమ్‌లో ఒకడు ఐదు సెకన్లకోసారి మాత్రమే చూద్దామన్నాడు. సంఖ్య తగ్గింది గానీ రెండు పడటం ఆగలేదు. ఈమె టేబుల్‌లోనే ఈ లైన్ చేర్చింది:

```
UNIQUE (student_id, class_date, period_no)
```

ఒక విద్యార్థికి ఒక రోజు ఒక పీరియడ్‌కి ఒకటే వరుస. రెండోసారి వస్తే డేటాబేసే ఒప్పుకోదు. ఆ ఎర్రర్‌ని కోడ్‌లో పట్టుకుని, కనబడకుండా వదిలేసేలా రాసింది.

"ఇంత చేసి పెద్దగా ఏం లేదంటావేంటి? చెప్పాల్సింది ఇదే కదా!" అన్నాను. ఆమెకి నమ్మకం కుదరలేదు. ఒక్క లైనే కదా అంటుంది. ప్యానెల్‌లో కూర్చునేవాళ్లకి లైన్ల లెక్క అక్కర్లేదు. ఏం చెడిందో గమనించి, ఎక్కడ ఆపాలో తేల్చుకున్న మనిషి ఎదురుగా ఉందా లేదా అన్నదే కావాలి.

తర్వాత ఆ 98 శాతం సంగతి అడిగాను. ఎన్ని ఫోటోల మీద పరీక్షించారు? ఆమెకి తెలియదు, ఫోన్ చేసి కనుక్కుంది. ట్రైనింగ్‌కి వాడిన ఫోటోల మీదే పరీక్షించారట! చదివిన ప్రశ్నపత్రమే మళ్లీ ఇచ్చి మార్కులు వేసుకోవడం అన్నమాట. ఇది దాదాపు ప్రతి విడతలోనూ చూస్తాను. 98, 99 అని చూడగానే నా మొదటి ప్రశ్న అదే, అక్కడే మొహాలు వాడిపోతాయి.

మళ్లీ పరీక్షించమన్నాను. 12 మంది స్నేహితుల్ని అడిగి, ఒక్కొక్కరిని పగటి వెలుతురులో ఐదుసార్లు, సాయంత్రం లైటు వెలుగులో ఐదుసార్లు కెమెరా ముందు నిలబెట్టింది. పగలు 60కి 57 సరిగ్గా వచ్చాయి. సాయంత్రం 60కి 44. మొత్తం 120కి 101, అంటే 84 శాతం. 98 నుంచి 84కి పడిపోయిందని బాధపడింది. నాకైతే ఆ 98 కంటే ఈ రెండు సంఖ్యలు వెయ్యి రెట్లు నయం. ఎవరైనా "సాయంత్రం ఎందుకు తగ్గింది?" అని అడుగుతారు. అడిగితే సంభాషణ ఆమెకి తెలిసిన చోటికే వస్తుంది.

రిపాజిటరీ తెరిచి చూస్తే ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. మీ హాల్లోనూ ఇవి తప్పకుండా ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది, కమిట్లు ఎవరి పేరు మీద ఉన్నాయన్నది. టీమ్ అంతా ఒకడి లాప్‌టాప్ మీద పనిచేశారు, ఆ లాప్‌టాప్‌లో గిట్‌కి అతని ఈమెయిలే సెట్ అయి ఉంది. గిట్‌హబ్ ఒక కమిట్ ఎవరిదో తేల్చేది ఆ కమిట్‌లోని ఈమెయిల్‌ని బట్టే, కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నారో దానికేం తెలుసు? ప్రతి ఒక్కరినీ తమ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఇది కొట్టి చూడమనండి:

```
git shortlog -sne
```

ఎవరి పేరు, ఏ ఈమెయిల్ మీద ఎన్ని కమిట్లు ఉన్నాయో వస్తుంది. అక్కడ కనిపించేది తమ సొంత ఈమెయిలే అయి, గిట్‌హబ్ అకౌంట్‌కి మాత్రం చేర్చి ఉండకపోతే పని తేలిక. గిట్‌హబ్ సెట్టింగుల్లో ఆ ఈమెయిల్ కలిపి వెరిఫై చేస్తే పాత కమిట్లు కూడా వాళ్ల పేరుకి అతుక్కుంటాయి. ల్యాబ్ కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్న దొంగ అడ్రస్ అయితే దాన్ని ఎవరూ వెరిఫై చేయలేరు, ఆ కమిట్లు అనాథలే. స్నేహితుడి ఈమెయిల్ అయితే అవి స్నేహితుడివే. పాత కమిట్ల చరిత్ర తిరగరాసే ఉపాయాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నలుగురూ వాడే రిపాజిటరీలో ఆ జోలికి పోవద్దనండి, మిగతావాళ్ల కాపీలన్నీ చెడతాయి. ఇకముందు ఒకే లాప్‌టాప్ మీద ఇద్దరు కూర్చున్నప్పుడు కమిట్ సందేశం చివర, ఒక ఖాళీ లైన్ వదిలి, ఇలా రాస్తే గిట్‌హబ్ ఇద్దరి పేర్లూ చూపిస్తుంది:

```
Co-authored-by: Name <name@example.com>
```

అయిపోయిన ప్రాజెక్టుకి మేం చేసిందేమిటంటే, టీమ్ నలుగురూ ఒప్పుకుని, రిపాజిటరీ తెరవగానే కనిపించే రీడ్‌మీ అనే పరిచయం ఫైల్‌లో ఎవరు ఏం చేశారో నాలుగు లైన్లు రాశారు. మిగతా ముగ్గురూ తమ రెజ్యూమేల్లో అదే మాట వాడుకున్నారు. నలుగురు చెప్పేదీ ఒకటే అయితే నమ్మడానికి నాకు కమిట్ లెక్కలు అక్కర్లేదు. గిట్‌హబ్ ప్రొఫైల్‌లో కమిట్ చేసిన రోజుల్ని చూపించే పచ్చ గడులు నిండాలని రోజూ ఖాళీ కమిట్లు చేసే పిల్లలుంటారు, ఆపేయమనండి. నేనైతే ఆ గడులు చూడను, చూసేవాళ్లు తెరిచి చూస్తే నవ్వుకుంటారు.

రెండోది దీనికంటే పెద్దది. ట్రైనింగ్‌కి వాడిన క్లాస్‌మేట్ల ఫోటోలన్నీ, రోల్ నంబర్లే ఫోల్డర్ల పేర్లుగా, పబ్లిక్ రిపాజిటరీలో ఉన్నాయి. ఒక్కరినీ అడగలేదు. డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా కోడ్‌లోనే రాసి ఉంది. ఆమె వెంటనే డిలీట్ చేసి కొత్త కమిట్ పెట్టబోయింది. ఆగమన్నాను. గిట్‌లో ఫైల్ తీసేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది, హిస్టరీ నొక్కితే ఎవరికైనా దొరుకుతుంది. పాస్‌వర్డ్ విషయంలో మొదట చేయాల్సింది తుడవడం కాదు, మార్చడం. ఒకసారి బయటపడిన పాస్‌వర్డ్ బయటపడినట్టే. ఇక ఫోటోలకి, పాత రిపాజిటరీని ప్రైవేట్ చేసి, ఫోటోలూ పాస్‌వర్డూ లేని ఫైళ్లతో కొత్తది తెరిచాం. పాత కమిట్లు పోతాయన్న బెంగ ఎటూ లేదు, అవి ఆమె పేరు మీద లేవు కదా! డెమో వీడియోలో తన ముఖం, ఒప్పుకున్న ఇద్దరు స్నేహితుల ముఖాలు తప్ప ఇంకెవరూ లేకుండా చూసుకుంది.

రీడ్‌మీ మాత్రం ఆమెనే రాయమన్నాను, నేను ముట్టుకోలేదు. మూడుసార్లు తిప్పి రాసింది. చివరికి ఇలా తేలింది: పైన రెండు వాక్యాల్లో ఇది ఏం చేస్తుందో, కింద వీడియో లింకు. తర్వాత "నా భాగం" అని శీర్షిక పెట్టి ఒకే పీరియడ్‌కి అటెండెన్స్ పదేపదే పడటం, మొదట ప్రయత్నించిన ఉపాయం ఎందుకు చాలలేదు, చివరికి ఏం చేశారు. తర్వాత పగలు, సాయంత్రం ఫలితాలు. తర్వాత ఇంకా పనిచేయనివి: ఒకరి ఫోటో ఫోన్‌లో పెట్టి కెమెరాకి చూపిస్తే అటెండెన్స్ పడిపోతుంది. ఈ చివరిది రాయడానికి ఆమె చాలా తటపటాయించింది. తప్పు మనమే చెప్పుకోవడమేంటి అంది. నేను అడిగే రెండో ప్రశ్న అదేనని చెప్పాను. ముందే రాసి ఉంటే అది తెలిసిన లోపం, నేను అడిగాక తెల్లమొహం వేస్తే తెలియని లోపం. చివర్లో కోడ్ నడపడానికి కావాల్సిన కమాండ్లు. వాటిని వేరే కంప్యూటర్‌లో, ఏమీ ఇన్‌స్టాల్ చేయని చోట, వేరే మనిషి చేత కొట్టించింది. రెండు లైబ్రరీల పేర్లు మర్చిపోయిన సంగతి అప్పుడు తెలిసింది.

లింక్డిన్‌కి ఇంత టైమ్ పట్టలేదు. పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కి 220 అక్షరాల దాకా చోటుంటుంది గానీ ఫోన్‌లో సెర్చ్ ఫలితాల్లో మొదటి ముక్కే కనిపిస్తుంది. అందుకే అసలు మాట ముందు రావాలి. రిక్రూటర్లు వెతికేది స్కిల్ పేరుతో, పాసయ్యే సంవత్సరంతో, ఉద్యోగం పేరుతో. "యాస్పైరింగ్" అని ఎవరూ వెతకరు. ఆమెది "పైథాన్, ఎస్‌క్యూఎల్, కంప్యూటర్ సైన్స్ ఫైనల్ ఇయర్, బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగం కోసం చూస్తున్నాను" అన్న అర్థం వచ్చేలా మార్చాం. చప్పగా ఉందంది. చప్పగా ఉన్నా దొరుకుతుంది. ప్రాజెక్టుని ఫీచర్డ్‌లో పెట్టి రీడ్‌మీ లింకు ఇచ్చాం. స్కిల్స్‌లో ఉన్న ముప్ఫై పేర్లలోంచి, ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పగలిగిన తొమ్మిదే ఉంచాం. పేరు వెనక అంకెల తోక ఉన్న ప్రొఫైల్ అడ్రస్‌ని సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, మార్చింది. ఒకే చిక్కు, మార్చాక రెజ్యూమేలో కూడా మార్చాలి. అది మర్చిపోయినవాళ్లని కనీసం నలుగురిని చూశాను.

లింక్డిన్ ఫోటో చుట్టూ, ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే పచ్చ రింగు పెట్టాలా వద్దా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఫ్రెషర్‌కి దాచుకోవాల్సిందేమీ లేదు, పెట్టుకున్నా నష్టం లేదు. అందరికీ కనబడటం ఇష్టంలేకపోతే అదే సెట్టింగ్‌లో రిక్రూటర్లకి మాత్రమే అన్న ఎంపిక ఉంది.

ఫలితం కూడా చెప్పాలి కదా. ఆ అమ్మాయికి మొదటి ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. కానీ సగం టైమ్ ఆ యూనిక్ లైన్ మీదే నడిచిందట. ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుందని అడిగారట. ఇంటికొచ్చి అది చదువుకుంది. రెండు నెలల తర్వాత వేరే చోట అదే ప్రశ్న వచ్చింది.

కామర్స్ పిల్లల్ని వదిలేయకండి. గిట్‌హబ్ మాటలు వస్తున్నంతసేపూ వాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్లకీ ఇదే పద్ధతి, సామాను వేరు, అంతే. ఇంటర్న్‌షిప్‌లో బ్యాంక్ స్టేట్‌మెంట్‌నీ లెడ్జర్‌నీ కలిపి చూసిన కుర్రాడున్నాడనుకోండి. "రీకన్సిలియేషన్ చేశాను" అని రాస్తే వందమందిలో ఒకడు. అతను ఒక ఎక్సెల్ ఫైల్ తయారుచేసి, ఒక షీట్‌లో స్టేట్‌మెంట్, ఇంకోదాంట్లో లెడ్జర్, మూడోదాంట్లో కలవని ఎంట్రీలు, ఒక్కోదాని పక్కన కారణం రాసి పెడితే అది చూపించదగ్గ పని: ఇచ్చిన చెక్కు ఇంకా క్లియర్ కాలేదు, బ్యాంక్ చార్జీలు లెడ్జర్‌లో ఎక్కలేదు, ఒక అంకె తారుమారైంది. ఈ మూడో రకాన్ని పట్టుకునే కిటుకు ఒకటి పాత అకౌంటెంట్లందరికీ తెలుసు. తేడా 9తో భాగించబడితే పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారయ్యాయేమో చూడు అంటారు. 540 బదులు 450 పడితే తేడా 90. ఇది ఆ షీట్‌లో ఒక నోట్‌గా రాసి ఉంటే, తెరిచిన ఆడిటర్ అక్కడ ఆగుతాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఆ ఎక్సెల్‌లోని అంకెలన్నీ కల్పితమై ఉండాలి. ఇంటర్న్‌షిప్ ఇచ్చిన సంస్థ లెక్కలు, పార్టీల పేర్లు కొద్దిగా మార్చి పెడితే సరిపోదు. పరాయి కంపెనీ లెక్కలు పబ్లిక్‌లో పెట్టిన మనిషికి రేపు తమ లెక్కలు ఎవరు అప్పగిస్తారు?

చివరి పది నిమిషాలు మాటలు ఆపి ఒక పని చేయించండి. లింక్డిన్‌లో, గిట్‌హబ్‌లో సెట్టింగులు తెరిచి తమ సొంత ఈమెయిల్ చేర్చి, దాన్నే ప్రైమరీ చేసుకోమనండి. ఫస్ట్ ఇయర్‌లో కాలేజీ మెయిల్‌తో తెరిచిన అకౌంట్లు ఇప్పటికీ దాని మీదే నడుస్తుంటాయి. చదువు అయిపోయాక చాలా కాలేజీలు ఆ మెయిల్ ఆపేస్తాయి. తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోయినా, కొత్త ఫోన్‌లో లాగిన్ అయినా, కోడ్ వచ్చేది చచ్చిపోయిన ఇన్‌బాక్స్‌కే. రెజ్యూమేలో కూడా ఆ మెయిలే ఉంటే ఇంకా ఘోరం. ఒకసారి సెలెక్ట్ చేసిన అమ్మాయికి రెండో రౌండ్ మెయిల్ పంపితే వెనక్కి తిరిగొచ్చింది. ఫోన్ నంబర్ కూడా మారిందో ఏమో, కలవలేదు. మేం తర్వాతి మనిషిని పిలిచాం. ఆమెకి ఈ సంగతి ఎప్పటికీ తెలిసి ఉండదు.

ఇంకొకటి, ఇది మీ కోసం. ప్రొజెక్టర్ మీద చూపించబోయే సొంత లింకులన్నీ ముందురోజు రాత్రే ఇన్‌కాగ్నిటోలో నొక్కి చూసుకోండి. నేను మొదటిసారి ఇలాంటి హాల్లో మాట్లాడినప్పుడు ఈ లింకు పాఠమంతా చెప్పి, "ఇదిగో నాది చూడండి" అని నొక్కాను. 404 వచ్చింది. యూజర్‌నేమ్ మార్చుకున్న సంగతి నాకే గుర్తులేదు. ఆ గంటలో పిల్లలకి బాగా గుర్తుండిపోయింది అదేనని తర్వాత వాళ్ల లెక్చరర్ చెప్పాడు.